బెర్లిన్ కంపెనీ ఇంటర్వ్యూ: టైమ్ తేడా, వర్క్ పర్మిట్, రీలొకేషన్ ప్రశ్నలకు ఏం సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో ఆరేళ్లుగా జావా బ్యాకెండ్ మీద చేస్తున్నాను. జేఎన్‌టీయూ కాకినాడ కింద ఈసీఈ బీటెక్. బెర్లిన్‌లోని ఒక పేమెంట్స్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, అక్టోబర్ చివర్లో ఇంటర్వ్యూలు ఉంటాయన్నారు. కోడింగ్, సిస్టమ్ డిజైన్ నేను చూసుకోగలను. వర్క్ ఆథరైజేషన్ ఉందా, ఎప్పుడు చేరతారు, ఫ్యామిలీతో వస్తారా అని అడిగితే ఏం చెప్పాలో మాత్రం తెలియట్లేదు. నోటీస్ పీరియడ్ 90 రోజులు. మా ఆవిడది కూడా ఉద్యోగమే, పాపకి మూడేళ్లు. టైమ్ తేడా సంగతి కూడా కాస్త చెప్పండి.

సమాధానం:

రిక్రూటర్ ఇవన్నీ విడివిడిగా అడిగినా ఆమెకి కావాల్సింది ఒక్కటే. మీరు ఏ తేదీన వచ్చి పనిలో చేరతారు, ఆ తేదీని ఎంతవరకు నమ్మొచ్చు. నేను బెర్లిన్‌లోనే బ్యాకెండ్ టీమ్‌లో ఉన్నాను, ఇండియా నుంచి అప్లై చేసేవాళ్ల ఇంటర్వ్యూ ప్యానెళ్లలో తరచూ కూర్చుంటాను. మొదటి కాల్ అయ్యాక రిక్రూటర్ రాసే నోట్స్ మా అందరికీ కనిపిస్తాయి. అందులో వీసా, నోటీస్, జీతం, చేరే తేదీ అని నాలుగు గళ్లుంటాయి. టెక్నికల్‌గా సమానంగా ఉన్న ఇద్దరిలో ఒకరి గళ్లు నిండి ఉండి, ఇంకొకరి గళ్లలో 'తెలియదు, కనుక్కోవాలి' అని ఉంటే, హైరింగ్ మేనేజర్ ఎవరివైపు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు. కాబట్టి కాల్‌కి ముందే ఒక పేజీ రాసి పెట్టుకోండి. ఆ పేజీలో ఏముండాలో వరసగా చెప్తాను.

ముందు గడియారం సంగతి. జర్మనీలో ఏడాదికి రెండుసార్లు టైమ్ మారుస్తారు, మనం మార్చం. వేసవిలో బెర్లిన్ మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో నాలుగున్నర గంటలు. మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం ఈ మార్పు జరుగుతుంది. ఈ ఏడాది, అంటే 2026లో, అక్టోబర్ 25న వస్తుంది, మీ ఇంటర్వ్యూలు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్నాయి. అక్టోబర్ 23 శుక్రవారం బెర్లిన్‌లో ఉదయం పది అంటే మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. 27 మంగళవారం అదే పది అంటే మనకి రెండున్నర. మొదటి రౌండ్ ఆ శుక్రవారం, రెండో రౌండ్ ఆ మంగళవారం పడితే, మొదటిసారి వేసిన లెక్కనే పట్టుకున్నవాళ్లు గంట ముందే లింక్ తెరిచి కూర్చుంటారు. మార్చిలో ఇదే తిరగబడుతుంది, అప్పుడు గంట ఆలస్యమవుతుంది. అదే ప్రమాదం.

ఇంకో చిక్కు మెయిల్‌లో రాసే పొట్టి పేర్లతో వస్తుంది. `CET` అంటే ఖచ్చితంగా చలికాలపు టైమ్, `CEST` అంటే వేసవి టైమ్. ఇక్కడ చాలామంది జులైలో కూడా అలవాటుగా `CET` అనే రాస్తారు, వాళ్ల ఉద్దేశం మాత్రం గోడ మీద గడియారం చూపించే టైమే. మీరు దాన్ని అక్షరాలా పట్టుకుని మార్చుకుంటే గంట తేడా వస్తుంది. అందుకే జవాబిచ్చేటప్పుడు బెర్లిన్ టైమ్, హైదరాబాద్ టైమ్ రెండూ, వారం పేరుతో సహా రాసి, ఇది సరైనదేనా అని ఒక వాక్యంలో అడగండి. అది ఎవరికీ చాదస్తంగా అనిపించదు. క్యాలెండర్ ఇన్వైట్ వచ్చాక దాన్నే నమ్మండి, అందులో `Europe/Berlin` అనే జోన్ ఉంటుంది కాబట్టి మార్పు దానంతటదే సర్దుకుంటుంది. అయితే ఒకటి చూసుకోవాలి. అమెరికా క్లయింట్ ప్రాజెక్టులో ఉన్నవాళ్ల ల్యాప్‌టాప్ చాలాసార్లు న్యూయార్క్ టైమ్‌లో పెట్టి ఉంటుంది. స్లాట్ ఎంచుకునే పేజీ మీ మెషీన్ టైమ్‌నే తీసుకుంటుంది. బటన్ నొక్కే ముందు పేజీలో ఏ జోన్ ఉందో చూడండి. లైనక్స్ మెషీన్ ఉంటే ఈ ఒక్క లైన్ చాలు:

```
TZ=Asia/Kolkata date -d 'TZ="Europe/Berlin" 2026-10-27 10:00'
```

ఇక స్లాట్లు. అమెరికా ఇంటర్వ్యూలైతే రాత్రి మేల్కోవడం గురించి ఆలోచించాలి. బెర్లిన్‌తో సమస్య వేరే. వాళ్ల తొమ్మిది నుంచి ఆరు అనేది చలికాలంలో మనకి మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి పదిన్నర. అంటే మొదటి సగం మీ ఆఫీసు పని టైమే. మీటింగ్ రూమ్‌లో గుసగుసలాడుతూనో, కార్ పార్కింగ్‌లో ఫోన్ హాట్‌స్పాట్ మీదో ఇచ్చే ఇంటర్వ్యూలు ఇవతలి నుంచి చూస్తున్నవాళ్లకి వెంటనే తెలిసిపోతాయి, జవాబులు కురచగా వస్తాయి. రిక్రూటర్ మిమ్మల్ని ఖాళీలు అడిగినప్పుడు 'ఎప్పుడైనా ఫర్వాలేదు' అనకండి. బెర్లిన్ టైమ్‌లో మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర వరకు అని చెప్పండి. అక్టోబర్ 25 తర్వాత అది మనకి సాయంత్రం ఏడున్నర నుంచి పది. ఇల్లు చేరి, ముఖం కడుక్కుని కూర్చునే టైమ్ దొరుకుతుంది. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం అడగొద్దు, ఇక్కడ చాలామంది ఆ పూట త్వరగా ముగిస్తారు. నాలుగు రౌండ్లు ఒకే రోజు పెడతామంటే రెండు రోజులకి విడగొట్టమని అడగండి. పొద్దుటి నుంచీ ఆఫీసు పని చేసి రాత్రి పది దాకా సిస్టమ్ డిజైన్ మాట్లాడటం ఎవరికైనా కష్టమేనని వాళ్లకీ తెలుసు. వాళ్లు ఏదైనా వారాన్ని `KW 44` అని రాస్తే అది ఏడాదిలో నలభై నాలుగో వారం. ఈ ఏడాది అది అక్టోబర్ 26న మొదలవుతుంది.

ఇప్పుడు అసలు విషయం, వర్క్ ఆథరైజేషన్. అప్లికేషన్ ఫారంలో సాధారణంగా రెండు ప్రశ్నలుంటాయి. జర్మనీలో పని చేసే హక్కు ఇప్పుడు ఉందా? ఇప్పుడు గానీ తర్వాత గానీ స్పాన్సర్‌షిప్ కావాలా? మీ జవాబులు మొదటిదానికి లేదు, రెండోదానికి కావాలి. జర్మనీలో స్పాన్సర్ అనే పద్ధతి లేదు కదా, అందుకని రెండోదానికి వద్దు అని పెట్టొచ్చని కొందరు స్నేహితులు సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. ఆ ప్రశ్న వెనక ఉద్దేశం మీకోసం కంపెనీ ఏమైనా కాగితాలు నింపాలా అనే. నింపాలి. కాంట్రాక్ట్ దగ్గరికొచ్చాక అది బయటపడితే మీరు చెప్పిన మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

అయితే 'కావాలి' దగ్గర ఆగిపోతే రిక్రూటర్ మనసులో భయం మిగులుతుంది. బ్రిటన్‌లో అయితే కంపెనీకి ముందుగా ప్రభుత్వం ఇచ్చే స్పాన్సర్ లైసెన్స్ ఉండాలి, నెదర్లాండ్స్‌లో బయటి నిపుణులను తెచ్చుకునే పథకానికి గుర్తింపు పొందిన స్పాన్సర్ అయి ఉండాలి. అమెరికా హెచ్-1బీ లాటరీ మనందరికీ తెలిసిందే. జర్మనీలో విదేశీ నిపుణులకిచ్చే పర్మిట్ అయిన ఈయూ బ్లూ కార్డ్‌కి ఇవేవీ అక్కర్లేదు. లాటరీ లేదు, కోటా లేదు, కంపెనీకి లైసెన్స్ లేదు. నిబంధనలకి మీరు సరిపోతే చాలు. చిన్న కంపెనీల రిక్రూటర్లకి ఈ విషయం చాలాసార్లు స్పష్టంగా తెలియదు. ఇంతకుముందు లండన్‌లో పనిచేసి వచ్చినవాళ్లయితే స్పాన్సర్ అన్న మాట వినగానే పెద్ద తతంగం ఊహించుకుంటారు. ఆ భయం తీయగలిగింది మీరే. దానికి మూడు విషయాలు చూసి పెట్టుకోవాలి.

మొదటిది జీతం. 2026లో బ్లూ కార్డ్‌కి ఏడాదికి కనీసం 50,700 యూరోలు ఉండాలి. ఐటీ లాంటి కొరత ఉన్న వృత్తులకి 45,934 యూరోల 20 సెంట్లు సరిపోతుంది, కానీ ఆ తక్కువ గీత మీద వెళ్తే జర్మన్ ఉపాధి సంస్థ ఆమోదం కూడా కావాలి. మీ జీతం పై గీత దాటితే ఆ మెట్టు ఉండదు. ఈ అంకెలు ప్రతి జనవరిలో మారతాయి, పెరుగుతూ వస్తున్నాయి. మీ కాగితాలు 2027లో వెళ్తే కొత్త అంకె వర్తిస్తుంది కాబట్టి గీతకి ఆనుకుని ఉండే ఆఫర్ అయితే కాస్త పైకి అడగండి. ఆరేళ్ల అనుభవానికి బెర్లిన్‌లో మామూలుగా వచ్చే జీతం దీనికన్నా బాగా ఎక్కువే ఉంటుంది, మీకు ఇబ్బంది రాకపోవచ్చు.

రెండోది డిగ్రీ. జర్మనీ వాళ్లు విదేశీ డిగ్రీల కోసం `anabin` అనే డేటాబేస్ నడుపుతారు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అందులో మీ కాలేజీ పేరు వెతికి, దొరకలేదని కంగారుపడేవాళ్లు మనవాళ్లలో చాలామంది. డిగ్రీ పట్టా మీద ఉన్నది యూనివర్సిటీ పేరు. వెతకాల్సింది దాన్ని. 2008లో జేఎన్‌టీయూ హైదరాబాద్, కాకినాడ, అనంతపురంగా విడిపోయింది కాబట్టి మీ పట్టా మీద ఉన్న పేరుతోనే వెతకండి. యూనివర్సిటీ పక్కన `H+` ఉండాలి, అంటే దానికి గుర్తింపు ఉందని. అది ఒక సగం. రెండో సగం, బీటెక్ అనే డిగ్రీ రకం జర్మన్ డిగ్రీకి సమానమని నమోదై ఉందా అన్నది, `entspricht` లేదా `gleichwertig` అని కనిపిస్తుంది. రెండు పేజీలూ పీడీఎఫ్‌గా దాచుకోండి, వీసా ఫైల్‌లో అవే పెడతారు. వీటిలో ఏదైనా తేలకపోతే జర్మనీలోని విదేశీ విద్య కేంద్రం దగ్గర సమానత్వ పత్రం తీసుకోవాలి. దానికి వారాలు పడుతుంది, కాబట్టి ఆఫర్ వచ్చాక చూద్దామనుకోకుండా ఇప్పుడే తెలుసుకోండి. పట్టా అంటే కాన్వొకేషన్‌లో ఇచ్చే ఒరిజినల్ డిగ్రీ. మనలో సగం మంది ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తోనే ఉద్యోగాల్లో చేరి, ఒరిజినల్‌కి అప్లై చేయడం మర్చిపోయి ఉంటారు. మీదీ అలాగే ఉంటే ఈ వారమే అప్లై చేయండి.

మీది ఈసీఈ, చేసేది సాఫ్ట్‌వేర్. దీనికి సాధారణంగా అభ్యంతరం రాదు. సివిల్, మెకానికల్ చదివి కోడింగ్‌లోకి వచ్చినవాళ్లని మాత్రం చదువుకీ ఉద్యోగానికీ పొంతన ఏమిటని అడగొచ్చు. వాళ్లకి ఇంకో దారి ఉంది. 2023 నవంబర్ నుంచి, గడిచిన ఏడేళ్లలో కనీసం మూడేళ్ల ఐటీ అనుభవం చూపించగలిగితే డిగ్రీతో పని లేకుండా ఐటీ ఉద్యోగానికి బ్లూ కార్డ్ ఇస్తున్నారు. ఉపాధి సంస్థ ఆమోదం తప్పనిసరి, జీతానికి ఆ తక్కువ గీతే. ఆ దారిలో వెళ్లేవాళ్లు పాత కంపెనీల నుంచి ఏం పని చేశారో వివరంగా రాసిన అనుభవ పత్రాలు తెచ్చుకోవాలి. 'ఇన్ని నెలలు పనిచేశారు, వారి ప్రవర్తన బాగుంది' అనే రెండు లైన్ల కాగితం సరిపోదు.

మూడోది పేరు. మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఇది. డిగ్రీ మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి చివర్న ఉంటుంది, కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. మొదటి కాల్‌లోనే ఇది మాట్లాడక్కర్లేదు. కానీ రెజ్యూమె మీద, ఆ తర్వాత ఆఫర్ లెటర్ మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు ఉండేలా చూసుకోండి. ఒక పేరుతో కాంట్రాక్ట్, ఇంకో పేరుతో పాస్‌పోర్ట్ ఉంటే ఫైల్ వెనక్కి తిరుగుతుంది.

ఈ మూడూ చూసుకున్నాక రిక్రూటర్ అడిగితే మీ జవాబు ఇలా ఉండాలి: "నాకిప్పుడు జర్మనీ పర్మిట్ లేదు. ఈయూ బ్లూ కార్డ్‌కి నేను అర్హుడిని. నా యూనివర్సిటీ, డిగ్రీ రెండూ అనాబిన్‌లో ఉన్నాయి, ప్రింట్లు నా దగ్గరున్నాయి. కంపెనీకి లైసెన్స్ లాంటిదేమీ అవసరం లేదు. మీరు ఉద్యోగ వివరాల ఫారం ఒకటి నింపాలి, ఫాస్ట్‌ట్రాక్ కావాలంటే 411 యూరోల ఫీజు ఉంటుంది." ఇంతే, అర నిమిషం కూడా పట్టదు. మీరు తెలుసుకుని వచ్చారని అవతలివాళ్లకి అర్థమవుతుంది, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. రిక్రూటర్ తన కంపెనీకి లాయర్ ఉన్నాడని, అంతా వాళ్లే చూస్తారని అంటే సంతోషంగా ఊరుకోండి. అక్కడ మీ జ్ఞానం ప్రదర్శించాల్సిన పని లేదు.

ఫాస్ట్‌ట్రాక్ అన్నాను కదా, మీ తేదీ లెక్క దాని మీదే ఆధారపడుతుంది. దీన్ని కంపెనీయే, మీరిచ్చిన అధికార పత్రంతో, జర్మనీలోని విదేశీయుల కార్యాలయంలో మొదలుపెట్టాలి. వాళ్లు కాగితాలు చూసి ముందస్తు సమ్మతి పత్రం ఇస్తారు. అది చేతికొచ్చాక నిబంధన ప్రకారం మూడు వారాల్లోపు వీసా అపాయింట్‌మెంట్ ఇవ్వాలి, అన్నీ సరిగా ఉంటే మామూలుగా ఇంకో మూడు వారాల్లో నిర్ణయం చెప్పాలి. అంటే చివరి భాగాన్ని మీరు లెక్క కట్టగలరు. లెక్కకి అందనిది ఆ కార్యాలయం సమ్మతి ఇవ్వడానికి తీసుకునే కాలం, అది ఊరిని బట్టి, రద్దీని బట్టి మారుతుంది.

మీ విషయంలోనే లెక్క వేద్దాం. నవంబర్ 2న కాంట్రాక్ట్ మీద సంతకం చేశారనుకోండి. కాగితాలన్నీ స్కాన్ చేసి, కంపెనీ అప్లై చేసేసరికి నవంబర్ చివరికొస్తుంది. క్రిస్మస్ సెలవుల్లో పని నెమ్మదిస్తుంది కాబట్టి జనవరి 8కి సమ్మతి పత్రం వచ్చిందనుకుందాం. మూడు వారాల్లో అపాయింట్‌మెంట్, ఆ తర్వాత నిర్ణయం కలుపుకుంటే ఫిబ్రవరి 15 ప్రాంతానికి పాస్‌పోర్ట్‌లో వీసా ఉంటుంది. అప్పుడు రాజీనామా ఇస్తే 90 రోజులు మే 16కి పూర్తవుతాయి. ఇక్కడ చాలా కంపెనీల్లో నెల మొదట్లోనే చేర్చుకుంటారు కాబట్టి మీ తేదీ జూన్ 1. సమ్మతి పత్రం రాగానే జనవరి 8న రాజీనామా ఇచ్చే ధైర్యం చేస్తే ఏప్రిల్ 8కి విడుదలవుతారు, మే మొదటి వారంలో చేరొచ్చు. సమ్మతి వచ్చాక వీసా తిరస్కరణ అరుదే, కానీ అసాధ్యం కాదు. ఇంట్లో చిన్నపాప ఉంది, ఈఎంఐలు ఉంటాయి. నా సలహా వీసా చూశాకే రాజీనామా. కాంట్రాక్ట్ సంతకమైన రోజే రాజీనామా ఇవ్వమని ఎవరు చెప్పినా వినొద్దు.

ఇంత పెద్ద గ్యాప్ చెప్తే వదిలేస్తారేమోనని మీకు అనిపిస్తుంది. 90 రోజుల నోటీస్ మనకి శిక్షలా కనిపిస్తుంది గానీ, జర్మనీలో కాంట్రాక్టుల్లో మూడు నెలల నోటీస్ చాలా మామూలు. ఇక్కడి అభ్యర్థి కూడా మూడు నెలలకే వస్తాడు. మీ వల్ల అదనంగా పడేది వీసా కాలం మాత్రమే. కాబట్టి బతిమాలే గొంతుతో కాకుండా మామూలుగా చెప్పండి: "కాంట్రాక్ట్ నవంబర్ మొదట్లో అయితే జూన్ 1న చేరతాను. కాగితాలు త్వరగా వస్తే, మా కంపెనీ బైఅవుట్‌కి ఒప్పుకుంటే నెల ముందుకు రావచ్చు." బైఅవుట్ డబ్బు కొత్త కంపెనీ ఇస్తుందా అన్నది ఆఫర్ దశలో అడగొచ్చు, మొదటి కాల్‌లో వద్దు. చేయకూడనిది ఒకటుంది. వాళ్లని మెప్పించడానికి 'నెలరోజుల్లో వచ్చేస్తాను' అనడం. వీసా మీద ఉన్న తేదీ, కాంట్రాక్ట్ తేదీ, రిలీవింగ్ లెటర్ తేదీ మూడూ ఒకదానికొకటి కుదరాలి. ఒకటి జారితే కాంట్రాక్ట్ మళ్లీ రాయాలి, దాంతో వీసా కాగితమూ మారుతుంది.

మధ్యలో 'ఈలోగా ఇండియా నుంచే రిమోట్‌గా మొదలుపెట్టగలరా' అని కొన్ని కంపెనీలు అడుగుతాయి. తొందరపడి సరే అనకండి. ఇండియాలో కూర్చుని జర్మన్ కంపెనీకి పనిచేస్తే జీతం, పన్ను, పీఎఫ్ ఏ దేశం లెక్కలోకి వస్తాయన్న ప్రశ్న పుడుతుంది. పైగా మీరింకా పాత కంపెనీ నోటీస్‌లో ఉంటారు, అక్కడి కాంట్రాక్ట్ రెండో ఉద్యోగాన్ని ఒప్పుకోదు. 'నోటీస్ పూర్తయ్యాక, మీ వైపు నుంచి చట్టపరంగా ఏర్పాటు ఉంటే మాట్లాడదాం' అంటే చాలు.

ఇక రీలొకేషన్. 'ఎందుకు బెర్లిన్?' అని హైరింగ్ మేనేజర్ తప్పకుండా అడుగుతారు. ఇది లోకాభిరామం కాదు. వచ్చి ఆరు నెలలకే వెనక్కి వెళ్లిపోయినవాళ్లని, బ్లూ కార్డ్ రాగానే వేరే కంపెనీకి మారినవాళ్లని చూసి అడిగే ప్రశ్న అది. యూరప్ తిరగొచ్చని, జీవన ప్రమాణాలు బాగుంటాయని చెప్తే అది ఏ నగరానికైనా సరిపోయే జవాబు, వాళ్లకి ఏమీ తెలియదు. మీ పనితో ముడిపెట్టండి. మీరు పేమెంట్స్‌లో చేసి ఉంటే, ఇక్కడ యూరప్ బ్యాంకుల మధ్య నడిచే సెపా తక్షణ చెల్లింపుల మీద పని ఉంది, మన యూపీఐ మీద నేర్చుకున్నది ఇక్కడ ఎలా పనికొస్తుందో చెప్పగలిగితే అది నిలబడే జవాబు. దానికి తోడు కుటుంబ నిర్ణయం ఎంతవరకు వచ్చిందో ఒక్క వాక్యం.

ఆ ఒక్క వాక్యం చెప్పాలంటే ఇంట్లో ముందు నిజంగా మాట్లాడుకోవాలి. ఆఫర్ చేతికొచ్చాక 'మా ఆవిడ ఉద్యోగం సంగతి ఇంకా ఆలోచించలేదు' అని వెనక్కి తగ్గినవాళ్లని నేను చూశాను, రెండు వైపులా నెలల శ్రమ పోయింది. మీ ఆవిడతో మాట్లాడటానికి పనికొచ్చే విషయాలు చెప్తాను. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల జీవిత భాగస్వామికి వీసా కోసం జర్మన్ భాష పరీక్ష అవసరం లేదు. వచ్చిన రోజు నుంచి ఏ ఉద్యోగమైనా చేయొచ్చు, వేరే పర్మిట్ అక్కర్లేదు. మీ ఫాస్ట్‌ట్రాక్ ఫైల్‌తోపాటే ఆమెవీ పాపవీ కాగితాలు కలిపి పెట్టొచ్చు. అయితే పెళ్లి సర్టిఫికెట్, పాప జనన ధృవీకరణ పత్రం ఉండాలి, వాటిలో పేర్లు పాస్‌పోర్టులతో కలవాలి. అదే సమయంలో కష్టం కూడా దాచకండి. జర్మన్ రాకుండా సాఫ్ట్‌వేర్ బయట ఉద్యోగం దొరకడం చాలా కష్టం. మూడేళ్ల పాపకి డే కేర్ సీటు చట్టప్రకారం హక్కే అయినా, బెర్లిన్‌లో వెతుకులాట నెలలు పడుతుంది. చాలా కుటుంబాలు చేసే పని, భర్తో భార్యో ముందు వచ్చి ఇల్లు కుదుర్చుకుని రెండు మూడు నెలల తర్వాత మిగతావాళ్లని పిలిపించుకోవడం. మీరూ అలా అనుకుంటే ఇంటర్వ్యూలో అదే చెప్పండి: "మేమిద్దరం మాట్లాడుకున్నాం. నేను జూన్‌లో వస్తాను, ఇల్లు దొరికాక సెప్టెంబర్ లోపు వాళ్లు వస్తారు." ఇక్కడ ఇంటర్వ్యూలో పిల్లల ప్రణాళికల్లాంటి సొంత విషయాలు అడగకూడదు, అడిగితే మీరు చెప్పక్కర్లేదు. కానీ ఎంతమందికి వీసా కావాలన్నది కంపెనీకి పనికొచ్చే సమాచారం, అది మీరే చెప్పడం మంచిది.

జీతం అడిగినప్పుడు మన సీటీసీని యూరోల్లోకి మార్చి మీద ముప్పై శాతం కలిపే లెక్క వదిలేయండి. సీటీసీలో పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిసి ఉంటాయి. ఇక్కడ చెప్పే అంకె పన్నులకి ముందు ఏడాది జీతం, కంపెనీ వైపు కట్టే బీమా వాటాలు అందులో ఉండవు. చేతికొచ్చేది మీ ట్యాక్స్ క్లాస్ మీద, అంటే కుటుంబ పరిస్థితిని బట్టి పెట్టే పన్ను వర్గం మీద ఆధారపడుతుంది. ఏడాదికి 70,000 యూరోలైతే క్లాస్ ఒకటిలో నెలకి సుమారు 3,500 యూరోలు చేతికొస్తాయి. కుటుంబం ఇక్కడికొచ్చి, మీ ఆవిడకి ఇంకా జీతం లేనప్పుడు మీరు క్లాస్ మూడుకి మారితే అది సుమారు 4,000 అవుతుంది. అంటే మీరు ఒంటరిగా ఉండే మొదటి నెలల్లోనే చేతికి తక్కువొస్తుంది, ఖర్చు మాత్రం అప్పుడే ఎక్కువ. ఇల్లు తీసుకుంటే అడ్వాన్సుగా మూడు నెలల కాల్ట్‌మీటె, అంటే హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని అద్దె, అడగొచ్చు. చట్టం అంతకు మించనివ్వదు. 1,200 యూరోల ఇల్లయితే 3,600 అడ్వాన్సు, మొదటి నెల అద్దె వేరే, ఈలోగా తాత్కాలిక బస ఖర్చు. జీతం నెలాఖరుకి గానీ రాదు.

అందుకే రీలొకేషన్ ప్యాకేజీ గురించి మాట్లాడేటప్పుడు మొత్తం ఎంత అన్నదానికన్నా అది ఏ రూపంలో వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్నవి ముఖ్యం. ఐదు వేల యూరోలు ఒకేసారి జీతంతో కలిపి ఇస్తే దాని మీద పన్ను, బీమా కోతలు పడి చేతికి మూడు వేల లోపే రావచ్చు. అవే ఐదు వేలని విమాన టికెట్లు, సామాను రవాణా లాంటి అసలు ఖర్చుల బిల్లులకి తిరిగి ఇచ్చే పద్ధతిలో, ఉద్యోగం కోసం ఇల్లు మారిన ఖర్చుగా ఇస్తే పన్ను లేకుండా ఇవ్వొచ్చు. ఈ తేడా చాలామంది హెచ్‌ఆర్ వాళ్లు అడిగితే గానీ చెప్పరు. 'ఇది జీతంలో కలిపి వస్తుందా, బిల్లుల మీద వస్తుందా?' అని మర్యాదగా అడగండి.

ఇంకొకటి తప్పక అడగండి. కంపెనీ ఇచ్చే తాత్కాలిక బసలో అన్మెల్డుంగ్ చేసుకోవచ్చా? అంటే ఆ చిరునామాని నగర కార్యాలయంలో నమోదు చేసుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయాలని చట్టం. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి, చాలా స్వల్పకాలిక అపార్ట్‌మెంట్లు అది ఇవ్వవు. నమోదు కాకపోతే ట్యాక్స్ నంబర్ ఆలస్యమవుతుంది. ఆ నంబర్ ఇవ్వలేకపోతే కంపెనీ మీ జీతాన్ని క్లాస్ ఆరులో లెక్క కట్టొచ్చు, అందులో కోత అన్నిటికన్నా ఎక్కువ. తర్వాత సర్దుబాటవుతుంది గానీ, అడ్వాన్సు కట్టాల్సిన నెలలోనే చేతిలో డబ్బు తగ్గుతుంది. ఈ ప్రశ్న అడిగిన అభ్యర్థి నిజంగా రావడానికి సిద్ధమయ్యాడని మా హెచ్‌ఆర్ వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

ఆఫర్ కాగితం వచ్చాక రెండు క్లాజులు నిదానంగా చదవండి. ఒకటి ప్రోబెత్సైట్, అంటే ప్రొబేషన్. మామూలుగా ఆరు నెలలు ఉంటుంది, ఆ కాలంలో ఎవరైనా రెండు వారాల నోటీస్‌తో విడిపోవచ్చు. కుటుంబాన్ని ఎప్పుడు పిలిపించుకోవాలి, ఇండియాలో ఇల్లు ఖాళీ చేయాలా వద్దా, మీ ఆవిడ తన ఉద్యోగానికి రాజీనామా చేయాలా సెలవు పెట్టాలా అన్నవి దీన్ని చూసుకుని నిర్ణయించుకోండి. రెండోది రీలొకేషన్ డబ్బు తిరిగి కట్టే క్లాజు. ఏడాదిలోపో రెండేళ్లలోపో మీరు మానేస్తే ఇచ్చింది వెనక్కి కట్టాలని రాస్తారు. నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతూ పోవాలని, ప్రొబేషన్‌లో కంపెనీయే మిమ్మల్ని తీసేస్తే కట్టక్కర్లేదని స్పష్టంగా రాయమని అడగండి. సంతకం ముందు అడిగితే ఎక్కువసార్లు రాసిస్తారు.